బిల్లులో 22 గేజి, మోటారులో 23

సంపాదకుల వారికి నమస్కారం.

మా గజపతినగరం మండలంలో బావి మోటారు ఆగిందంటే పైరు ఎండినట్టే. నా మోనోబ్లాక్ మోటారు కాలిపోతే రీవైండింగుకు ఇచ్చాను. బిల్లులో ‘22 గేజి రాగి తీగ’ అని రాశారు. నెల తిరక్కుండానే మళ్లీ కాలింది. వోల్టేజి తగ్గి ఉంటుందన్నారు. తగ్గితే మోటారు కాలే మాట నిజమే. అయినా అనుమానం తీరక, చుట్టిన రీలులోంచే మీటరు ముక్క అడిగి తెచ్చుకున్నాను.

గుండ్రటి పెన్సిలు మీద ఆ తీగను చుట్టుకు చుట్టు ఆనేలా 40 చుట్లు చుట్టి, వాటి పొడవు స్కేలుతో కొలిచాను. 27 మిల్లీమీటర్లు వచ్చింది. 40తో భాగిస్తే తీగ మందం సుమారు 0.67. ఉత్త రాగి 22 గేజి మందమే 0.71. పైన ఎనామిల్ పూత కలిస్తే 0.77 దాకా ఉండాలి, అంటే 40 చుట్లకు 31 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. నా తీగ పూతతో కలిపినా ఉత్త రాగి మందాన్ని అందుకోలేదు. అదే ముక్క పూత గీకి మళ్లీ చుట్టాను. 24.5 వచ్చింది, అంటే 0.61. అది 23 గేజి. గేజి అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది.

ఒక్క గేజి తేడాయే కదా అనిపిస్తుంది. కానీ తీగలో రాగి నాలుగో వంతుకు పైగా తగ్గింది. నిరోధం మూడో వంతుకు పైగా పెరిగింది. అదే కరెంటు పారితే వేడీ అంతే పెరుగుతుంది.

కొలిచేటప్పుడు చుట్ల మధ్య సందు ఉంటే తీగ లావుగా కనబడుతుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కితే సన్నంగా. గోటితో నొక్కుతూ చుట్టాలి. పది చుట్లతో సరిపెట్టకూడదు. స్కేలు మీద అర మిల్లీమీటరు తప్పు చదివితే పది చుట్లకు 0.05 తేడా వస్తుంది, గేజి మార్చేయడానికి అది చాలు. 40 చుట్లకైతే 0.0125 మాత్రమే. కాలిన పాత తీగతో కంటికి పోల్చుకోవడమూ మోసమే, దాని పూత మాడి రాలిపోయి సన్నగా కనిపిస్తుంది. ఇంకొక మాట: కొందరు రెండు సన్న తీగలు జోడించి చుడతారు. అది తప్పు కాదు. నిందించే ముందు ఎన్ని తీగలో అడగాలి.

రీవైండింగు బిల్లులో గేజి, జోడించిన తీగల సంఖ్య, వాడిన రాగి బరువు రాసి, ఆ రీలులోని మీటరు ముక్కను బిల్లుకు కట్టి ఇవ్వాలని తూనికలు, కొలతల శాఖ అధికారులు ఈ సీజను మొదలవక ముందే షాపులకు చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా