బొమ్మపై ముద్ర ఉంటే చాలదు, నంబరు ఎవరిదో చూడాలి

సంపాదకులకు,

పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకొనే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. దేశంలో తయారైనవాటికీ, దిగుమతి అయినవాటికీ ఇదే నిబంధన. భారతీయ ప్రమాణాల సంస్థ చట్టం ముద్ర లేని సరుకును తయారుచేయడాన్నే కాక నిల్వ ఉంచడాన్నీ, అమ్మకానికి పెట్టడాన్నీ కూడా నిషేధిస్తుంది కనుక, టోకు వ్యాపారి ఇచ్చినదే అమ్మానన్న జవాబు ఆన్‌లైన్ విక్రేతను కాపాడదు. విజయవాడలో బొమ్మల దుకాణం నడుపుతూ ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్న నేను తోటి విక్రేతలలో గమనించిన లోపం ఒకటుంది. వారు ముద్ర ఉందా లేదా అని చూస్తారు గానీ, దాని కింద CM/L తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఎవరిదో చూడరు.

పాకే వయసు పిల్లల కోసం వెలుగుతూ పాట పాడే గిలక్కాయను ఉదాహరణగా తీసుకుందాం. టోకు వ్యాపారి పంపిన పెట్టె ఫొటోలో ముద్ర పైన విద్యుత్తుతో పనిలేని బొమ్మల ప్రమాణమైన IS 9873 అనీ, కింద లైసెన్సు నంబరూ ఉన్నాయనుకోండి. ఆ నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే లైసెన్సు పొందిన సంస్థ పేరు, ఫ్యాక్టరీ చిరునామా, ఏ సరుకుకు ఇచ్చారు, ఇప్పుడు అమలులో ఉందా అన్న వివరాలు వస్తాయి. పెట్టెపై ఉన్న తయారీదారు వేరు, యాప్‌లో కనిపించే సంస్థ వేరు అయితే ఆ ముద్ర అరువు తెచ్చుకున్నదే. రెండూ ఒకటే అయినా పని పూర్తి కాలేదు. బ్యాటరీతో నడిచే బొమ్మకు విద్యుత్తు బొమ్మల ప్రమాణమైన IS 15644 కింద లైసెన్సు కావాలి. ఆ సంస్థకు విద్యుత్తుతో పనిలేని బొమ్మలకే అనుమతి ఉంటే, నంబరు అసలైనదైనా ఈ గిలక్కాయకు అది చెల్లదు.

ఈ తేడా కాగితాలకు పరిమితమైనది కాదు. ఇలాంటి బొమ్మల్లో తరచుగా బటన్ బ్యాటరీలే ఉంటాయి. పసివాడు దాన్ని మింగినప్పుడు అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కణజాలం తీవ్రంగా కాలిపోవచ్చు. అందుకే బ్యాటరీ మూత స్క్రూడ్రైవరు వంటి సాధనం లేకుండా తెరుచుకోకూడదు. సరుకు చేతికి రాగానే వేలిగోటితో మూత తీసి చూడటానికి విక్రేతకు ఒక నిమిషం పట్టదు. అది ఊడివస్తే ఆ సరుకును వెనక్కి పంపవలసిందే.

ఇక వయసు దగ్గర జరిగే మోసం మరీ బాధాకరం. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల నుంచి గొంతుకు అడ్డుపడేంత చిన్న భాగం ఊడి రాకూడదు. ఈ పరీక్షకు 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టాన్ని వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే భాగమేదైనా ప్రమాదకరమే. దీన్ని తప్పించుకోవడానికి కొందరు పెట్టెపై ‘మూడేళ్లు పైబడినవారికి’ అని ముద్రించి, ఆన్‌లైన్‌లో మాత్రం శిశువుల విభాగంలోనే పెడుతున్నారు. గిలక్కాయ పసిపిల్లల వస్తువేనని అందరికీ తెలుసు. ఏ హెచ్చరిక రాసినా అది మారదు.

మన ప్రాంతానికి సంబంధించిన మరొక విషయం ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలకు ఈ ముద్ర నుంచి మినహాయింపు ఇచ్చారు. అయితే అది ఆ పేరుకు దక్కినది కాదు, ఆ గుర్తింపును వాడుకొనే అధికారం నమోదై ఉన్న కళాకారులకు, సంఘాలకు దక్కినది. ఎక్కడో తయారై, ఏ రంగు పూశారో తెలియని చెక్కబొమ్మను ‘కొండపల్లి’ పేరుతో అమ్మేవారికి అది వర్తించదు. విక్రేత ఆ నమోదు పత్రం నకలు అడిగి తన దగ్గర ఉంచుకోవాలి.

పసిపిల్లల కాటుక విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం కనిపిస్తోంది. ఇంట్లో చేసిందైనా, అమ్మకానికి చేస్తే ఔషధ నియంత్రణ అధికారుల నుంచి తయారీ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడవలసిన గడువు, కలిపిన పదార్థాలు లేబుల్‌పై కనబడాలి. ‘సీసం లేదు’ అని రాసేవారి దగ్గర అమ్ముతున్న బ్యాచ్‌కే చెందిన ప్రయోగశాల నివేదిక ఉండాలి. రెండేళ్ల కిందటి నివేదికను ప్రతి డబ్బాకూ చూపడం తల్లిదండ్రులను తప్పుదోవ పట్టించడమే.

బొమ్మను అమ్మకానికి పెట్టేటప్పుడు లైసెన్సు నంబరును ఫొటోలో కాక అక్షరాలలో నమోదు చేయడాన్ని ఆన్‌లైన్ వేదికలు తప్పనిసరి చేయాలని, అది ఆ తయారీదారుదేనని, ఆ రకం బొమ్మకే చెల్లుతుందని తేలిన తరువాతే పేజీని తెరవాలని, వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ మేరకు ఆదేశం ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక బొమ్మల విక్రేత,
విజయవాడ