చక్రాన్ని వాల్చి గీస్తే లెక్క తప్పుతుంది

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం జిల్లా పేజీలో ఒక మున్సిపాలిటీ బడ్జెట్ ఖర్చులను రంగురంగుల పై చార్టుగా వేశారు. వార్త బాగుంది, అంకెలు కూడా సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా బొమ్మలో ఉంది. అది త్రీడీ చార్టు. చక్రాన్ని పళ్లెంలా వెనక్కి వాల్చి, అంచుకు మందం పెట్టి గీశారు. అందులో తాగునీటి ముక్క వెనక పడింది, రోడ్ల ముక్క ముందుకొచ్చింది. అంకెల ప్రకారం తాగునీటి ఖర్చే ఎక్కువ. కానీ ఆ ఉదయం సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతున్నప్పుడు నా పక్కన కూర్చున్నాయన పేపరు చూసి, "నీళ్లకన్నా రోడ్లకే ఎక్కువ పెట్టినారే" అన్నాడు. పక్కనున్న అంకె చూపిస్తే గానీ నమ్మలేదు. తప్పు ఆయనది కాదు, ఎవరికైనా ఆ బొమ్మ అట్లే కనిపిస్తుంది.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. వృత్తరేఖా చిత్రం గీయడం ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్నిసార్లు నేర్పానో లెక్క లేదు. ఒక శాతానికి 3.6 డిగ్రీలు, 25 శాతానికి 90 డిగ్రీలు. కోణమానిని పెట్టి కొలిస్తే తేలిపోవాలి. త్రీడీ బొమ్మ మీద కోణమానిని పెడితే ఏం వస్తుందో చూద్దామని ఆ రోజే ఇంట్లో గీసి చూశాను.

మీకు నమ్మకం కలగకపోతే ముందు ఒక జొన్నరొట్టెను నాలుగు సమాన ముక్కలు చేయండి. ఒక ముక్క మీకు ఎదురుగా, ఒకటి అవతల, రెండు పక్కలకు వచ్చేట్టు పళ్లెంలో పెట్టి, కాస్త దూరంగా కూర్చుని ఏటవాలుగా చూడండి. ఎదుటి ముక్క, అవతలి ముక్క వెడల్పుగా విచ్చుకున్నట్టు ఉంటాయి. పక్క ముక్కలు సన్నగా మొనదేలి ఉంటాయి. కాగితం మీద నేను గీసినది 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కోడిగుడ్డు ఆకారం. త్రీడీ చార్టులు చాలావరకు ఇంచుమించు ఇట్లాగే వాలి ఉంటాయి. నాలుగు ముక్కలూ 25 శాతమే. కొలిస్తే ఎదుటి ముక్క కోణం 127 డిగ్రీలు వచ్చింది, పక్క ముక్కది 53 డిగ్రీలు. కోణాన్ని బట్టి చదివేవాడికి ఒకటి 35 శాతంగా, ఇంకొకటి 15 శాతంగా కనిపిస్తుంది. రెండూ నిజానికి సమానం.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. కేవలం వాల్చినంత మాత్రాన ముక్కల వైశాల్యాల నిష్పత్తి మారదు. అన్నీ ఒకే లెక్కన సగానికి తగ్గుతాయి. పాడయ్యేది కోణం. వైశాల్యాన్ని చెడగొట్టేది అంచు మందం. గుండ్రటి బెల్లం దిమ్మను నాలుగు ముక్కలు చేసి చూస్తే ఎదుటి ముక్క పైభాగంతో పాటు దాని గోడ కూడా కనిపిస్తుంది. అవతలి ముక్కకు గోడ కనబడదు. నా బొమ్మలో పైభాగం ఒక్కో ముక్కకు దాదాపు 9.8 చదరపు సెంటీమీటర్లు. గోడ ఒక సెంటీమీటరు మందం పెట్టాను. ఎదుటి ముక్కకు దానివల్ల ఇంకో 7 చదరపు సెంటీమీటర్లు కలిసి మొత్తం 16.9 అయింది. అవతలి ముక్క 9.8 దగ్గరే ఆగిపోయింది. అంటే సమానమైన రెండు వాటాల్లో ఒకదానికి ఇంకోదానికన్నా 70 శాతం పైగా ఎక్కువ రంగు పూశాం. ఆ గోడకు ఏ డబ్బుతోనూ, ఏ లెక్కతోనూ సంబంధం లేదు.

మీ చార్టులో రోడ్ల ముక్కకు జరిగింది ఇదే. కంప్యూటర్లో ఎక్సెల్‌లో `Angle of first slice` అనే చోట అంకె మార్చితే చక్రం తిరుగుతుంది. అదే చార్టును మనవడు తిప్పి చూపించాడు. నీళ్ల ముక్క ముందుకు రాగానే పెద్దదైంది, రోడ్ల ముక్క వెనక్కి పోయి చిన్నదైంది. అంకె ఒక్కటీ మారలేదు.

దీన్ని తెలిసి వాడుకున్నా, తెలియక వాడుకున్నా ఫలితం ఒకటే. 2008 జనవరిలో మ్యాక్‌వరల్డ్ సదస్సు వేదిక మీద ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ అమెరికా స్మార్ట్‌ఫోన్ మార్కెట్ వాటాలను ఇట్లాంటి వాలిన చార్టుతోనే చూపించారు. ఆపిల్ వాటా 19.5 శాతం, పేరు పెట్టి చూపించిన కంపెనీలు పోగా మిగిలినవాటన్నిటిదీ కలిపి 21.2 శాతం. ఆపిల్ ముక్క ముందు ఉండటం వల్ల 21.2 కన్నా 19.5 పెద్దగా కనిపించింది. అంత పెద్ద వేదిక మీదే ఇట్లా జరిగితే మన జిల్లాల గతి ఏమిటి?

ఇక కమ్మీ చిత్రాల సంగతి. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడ పది మిల్లీమీటర్లు ఎక్కువా తక్కువా అన్నది చెనక్కాయ రైతుకు చిన్న విషయం కాదు. కానీ ఒక ఆఫీసు గోడ మీద వర్షపాతాన్ని త్రీడీ స్తంభాలుగా వేసిన ఫ్లెక్సీ చూశాను. కొలత గీతలేమో వెనక గోడ మీద ఉంటాయి, స్తంభమేమో గోడకు ముందు నిలబడి ఉంటుంది. పైనుంచి చూసినట్టు గీస్తారు కాబట్టి ముందున్నది కిందికి దిగినట్టు అవుతుంది. సరిగ్గా 500 ఉన్న స్తంభం కూడా 500 గీతను అందుకోదు. పైగా దాని కొన మీద ముందంచు చూడాలా, వెనకంచు చూడాలా? స్తంభాలు రెండు వరసలైతే వెనకవి సగం కనబడవు. అక్కడి ఉద్యోగిని అడిగితే "కళ్లకు బాగుంటుంది కదా సార్" అన్నాడు. నాకు చాలా బాధేసింది. వర్షం లెక్క కళ్లకు బాగుండటానికి కాదు గదా వేసేది! ఏ మీటింగుకు పోయినా ఇప్పుడిదే వరస. మెరుపులు, నీడలు, మందాలు పెడతారు, లెక్క సరిచూసేవాళ్లు మాత్రం ఉండరు. పదో తరగతి పిల్లవాడు పరీక్షలో ఇట్లా గీస్తే మార్కులు కోస్తాం.

"పక్కన అంకె వేశాం కదా" అంటారు. అంకె చదివితేనే అర్థమయ్యేట్టయితే పట్టిక వేస్తే సరిపోతుంది, బొమ్మ ఎందుకు? మనిషి కన్ను దేన్ని బాగా పోల్చగలదో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 1984లోనే పరీక్షించి రాశారు. ఒకే గీత మీద నిలబడ్డ కొనలను బాగా పోలుస్తాం. కోణాలను అంతకన్నా తక్కువ, వైశాల్యాలను, ఘనపరిమాణాలను ఇంకా తక్కువ. అందుకే సాదా కమ్మీలు మేలు. సున్నా నుంచి మొదలుపెట్టి, పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరసగా పేర్చి, కొసన అంకె వేస్తే చాలు. సున్నా వదిలేసి మధ్యలో మొదలుపెడితే సాదా చార్టు కూడా మోసం చేస్తుంది, అది కూడా చూసుకోవాలి. రెండు మూడు వాటాలే ఉంటే సాదా చక్రం గీసినా ఇబ్బంది లేదు.

కంప్యూటర్లో ఇదేమీ కష్టం కాదు. `Change Chart Type` నొక్కి `Bar` కింద `Clustered Bar` ఎంచుకుంటే అర నిమిషం పని. దయచేసి ఆ బడ్జెట్ చార్టును కమ్మీలుగా మార్చి అదే పేజీలో మళ్లీ వేయండి. మీ అంకెలతోనే నేను గీసినది ఈ లేఖ వెంట పంపుతున్నాను.

- విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, అనంతపురం