విద్యాశాఖ మంత్రి గారికి, నలభై శాతం గీత గీసి ప్రశ్నలు తీసేయించకండి

మంత్రి గారూ నమస్కారం. గుంటూరులో సర్కారు బడిలో పదో తరగతికి ఫిజిక్స్ చెప్తాను. మొన్న మూడు బళ్ల పిల్లలకి కలిపి 20 ప్రశ్నల క్విజ్ పెట్టించారు, ఎవరు పెట్టించారన్నది వదిలేద్దాం. తర్వాత ఒక మాట వచ్చింది: 40 శాతం కంటే తక్కువ మంది కరెక్ట్ చేసిన ప్రశ్నలన్నీ క్వశ్చన్ బ్యాంక్‌లోంచి తీసేయండి, పిల్లలకి కష్టంగా ఉన్నాయి అని. ఇదే పద్ధతి మీ టేబుల్ దాకా వచ్చి జీవో అయిపోతే మళ్లీ వెనక్కి తీసుకోవడం కష్టం, అందుకే ముందే రాస్తున్నా.

100 మంది రాశారు. ఆదివారం కూర్చుని పేపర్లు మార్కుల వరసలో పేర్చాను, పైన 27 మంది, కింద 27 మంది పక్కకి తీశాను. ఈ 27 శాతం లెక్క నాది కాదండి, 1939లో కెల్లీ అనే ఆయన చెప్పింది. ఇక ఒక్కో ప్రశ్నకి రెండు అంకెలు. మొత్తం మీద ఎంతమంది కరెక్ట్ చేశారో అది డిఫికల్టీ (పేరు డిఫికల్టీయే గానీ అంకె పెరిగేకొద్దీ ప్రశ్న ఈజీ, ఈ పేరు పెట్టినాయనకి ఓ దండం). పై గుంపులో కరెక్ట్ చేసినవాళ్లలోంచి కింది గుంపు వాళ్లని తీసేసి 27తో భాగిస్తే డిస్క్రిమినేషన్:

```
D = (పై - కింద) / 27
```

0.40 దాటితే బాగా పనిచేస్తున్న ప్రశ్న, 0.20 లోపు ఉంటే అనుమానించాలి, మైనస్‌లోకి వెళ్తే ఎక్కడో తేడా కొట్టింది.

ఇప్పుడు 14వ ప్రశ్న చూడండి. రెండు 6 ఓమ్ నిరోధాలు సమాంతరంగా కలిపి, వాటికి శ్రేణిలో 3 ఓమ్ పెట్టి, 12 వోల్టులిస్తే మొత్తం కరెంటెంత అని. జవాబు 2 ఆంపియర్లు. 28 మందే చేశారు కాబట్టి ఆ రూలు ప్రకారం చెత్తబుట్టలోకే. కానీ పై గుంపులో 17 మంది, కింద ఇద్దరే, D 0.56. పాఠం అర్థమైన పిల్లాడెవరో కానివాడెవరో 20 ప్రశ్నల్లో ఇంత బాగా చెప్పింది ఇంకోటి లేదు, దాన్నే తీసేయమంటున్నారు!

7వ ప్రశ్న కథ వేరు. 34 మంది చేశారు, ఇదీ 40 లోపే. పై గుంపులో 9, కింది గుంపులో 10, అంటే D -0.04. బాగా చదివేవాళ్లు చదవనివాళ్ల కంటే వెనకబడ్డారంటే కష్టం ఒక్కటే కారణం కాదు కదా. ఇలాంటప్పుడు ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో లెక్కపెట్టాలి. దర్పణంలో ప్రతిబింబం ఎలా ఉంటుందన్నది ప్రశ్న. కీ ప్రకారం జవాబు బి: మిథ్యా, నిటారు, పెద్దది. పై 27 మందిలో 16 మంది సి పెట్టారు: మిథ్యా, నిటారు, చిన్నది. తెలివైన పిల్లలంతా ఒకే తప్పు మీద గుమిగూడారంటే నాకు పేపర్ మీదే డౌటొచ్చింది. తీసి చూస్తే ఇంగ్లీషు లైన్‌లో 15 సెంటీమీటర్ల నాభ్యంతరమున్న పుటాకార దర్పణం, 10 సెంటీమీటర్ల దూరంలో వస్తువు అనుంది, కింద తెలుగు లైన్‌లో పుటాకార బదులు కుంభాకార అని పడింది. తెలుగు చదివినవాడికి సి నే కరెక్టు! ఆ ప్రశ్నని తీసేయక్కర్లేదు, ఒక్క మాట దిద్ది మళ్లీ ఇంకో బ్యాచ్‌కి పెట్టి చూడాలి. రాసేసిన పిల్లలకి మాత్రం బి పెట్టినా సి పెట్టినా మార్కు ఇవ్వాలి, మేం ఇంకా దానికోసం అడుగుతూనే ఉన్నాం.

అలాగని D చిన్నదైతే చాలు కొట్టేయమనీ కాదు. 2వ ప్రశ్న 96 మంది చేశారు, పైన 27, కింద 25, D 0.07 మాత్రమే. అందరికీ వచ్చినప్పుడు తేడా ఎక్కణ్ణుంచి వస్తుందండీ. కరెంటు ప్రమాణం ఆంపియర్ అని అందరికీ తెలిసిందా లేదా చూడ్డానికే అది పెట్టాం, ఉండనివ్వాలి. ఇంకోటి, 27 మందిలో ఒక్క పిల్లాడు అటూఇటూ అయితే D 0.04 మారిపోతుంది, కాబట్టి 0.19 వచ్చింది తీసెయ్, 0.22 వచ్చింది ఉంచెయ్ అని కూర్చుంటే అది లాటరీ. రెండు మూడు బ్యాచ్‌లు చూశాకే తేల్చాలి.

నేనడిగేది పెద్దదేం కాదు. క్విజ్ అయ్యాక బళ్లకి శాతం ఒక్కటే పంపుతున్నారు, దాంతోపాటు ప్రతి ప్రశ్నకీ పై గుంపులో, కింది గుంపులో ఏ ఆప్షన్ ఎంతమంది పెట్టారో ఆ పట్టిక కూడా పంపించమని చెప్పండి. ఓఎంఆర్ షీట్లు స్కాన్ అయినప్పుడే ఆ లెక్కంతా కంప్యూటర్లో ఉంటుంది. మైనస్ వచ్చిన ప్రశ్న ఏదైనా, తీసేసే ముందు రెండు భాషల్లోనూ ఆ సబ్జెక్టు టీచర్ ఒకరు చదివి సంతకం పెట్టాలని రాయించండి. 7వ ప్రశ్న తప్పు నాకు దొరకడానికి పావుగంట పట్టింది, అది కూడా టీ తాగుతూ.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు