మొహాలు వంగపండు రంగులో వచ్చిన ఐడీ కార్డుల గురించి

"ఒకే ఫైల్ నుంచి తీసిన కార్డులే కదండీ, సగం బాగున్నాయి, మిగతావాటిలో మొహాలు నీలంగా, కార్డంతా పసుపు పూసినట్టుగా ఎందుకొచ్చాయి? మా ఫొటోల్లో ఏమైనా తేడా ఉందా?"

మీ ఫొటోల్లో ఏ తేడా లేదు. ప్రింటర్‌లో రంగులుండే రిబ్బన్ ఒక ప్యానెల్, అంటే ఒక రంగు ముక్క, ముందుకు జరిగిపోయింది, అంతే. కానీ ఆ ఒక్క ప్యానెల్ చేసే గొడవ చిన్నది కాదు.

ఈ రిబ్బన్ మీద రంగులు పక్కపక్కనే వరసగా ఉంటాయి: పసుపు, మెజెంటా అనే ముదురు గులాబీ, సయాన్ అనే లేత నీలం, నలుపు, చివర పైపూతగా పారదర్శకమైన ఓవర్‌లే. ప్రతి కార్డుకీ ఈ ఐదూ ఒక సెట్టు ఖర్చవుతాయి, కార్డు మీద చిన్న లోగో ఒక్కటే ఉన్నా సరే. కార్డు ఒక్కో రంగుకీ, రంగు దింపే ప్రింట్ హెడ్ కింద నుంచి ఒకసారి వెళ్లి వెనక్కి వస్తుంది. ప్రింటర్‌కి ఏ రంగు ఎక్కడ మొదలైందో తెలియాలి కాబట్టి రిబ్బన్ గుండా వెలుతురు పంపి, పసుపు ప్యానెల్ ఎక్కడుందో సెన్సర్‌తో కనిపెడుతుంది. అక్కడ లెక్క తప్పితే పసుపు వేయాల్సిన చోట మెజెంటా, మెజెంటా వేయాల్సిన చోట సయాన్ పడతాయి. మనిషి చర్మంలో పసుపూ మెజెంటాలే ఎక్కువ కాబట్టి మొహం కాస్తా వంగపండు రంగుకి తిరుగుతుంది. నల్లగా రావాల్సిన పేరు ఓవర్‌లే ప్యానెల్‌తో పడుతుంది, అంటే కంటికి కనపడదు, కార్డుని వెలుతురులో వంచి చూస్తే మాత్రం అక్షరాలు మెరుస్తాయి. ఆఖర్న కార్డంతా వేయాల్సిన పైపూత తర్వాతి సెట్టులోని పసుపుతో పడుతుంది. మీరు చెప్పిన పసుపు అదే.

లెక్క ఎక్కడ తప్పిందంటే కార్డులు తీసుకునే దగ్గర. ప్లాస్టిక్ కార్డులు పొడి గాలిలో స్టాటిక్ కరెంటుతో ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండు కార్డులు జంటగా లోపలికి వెళ్లబోయి ఇరుక్కున్నాయి. మూత తీసి వాటిని లాగినప్పుడు రిబ్బన్ వదులై, చుట్టలో మడత పడింది. మళ్లీ మొదలుపెడితే సెన్సర్ ఎదురుగా మడతపడ్డ ముక్క ఉండడంతో అది పసుపు అనుకుని సాగిపోయింది, స్క్రీన్ మీద ఏ ఎర్రరూ లేదు! నాకు కోపం వచ్చేది ఇక్కడే, ఇరుక్కుంటే నానా కూతలూ కూసే మెషీన్ రంగు తప్పితే మాత్రం నోరెత్తదు.

అనుమానం తీరడానికి వాడేసిన రిబ్బన్ విప్పి చూశాను. నల్ల ప్యానెల్ మీద పేర్లు చెక్కినట్టు ఖాళీగా కనిపించాలి. ఈ కార్డులవి చూస్తే అక్కడ పేర్లకి బదులు ఫొటో తాలూకు మరకలున్నాయి. అనుమానం అక్కడితో తీరింది. ఇప్పుడు రిబ్బన్ తీసి, ముందు ఉన్న చుట్టని వేలితో తిప్పి బిగువు చేసి, సెన్సర్ మీది దుమ్ము తుడిచి, మూత వేసి, ప్రింటర్ తనంతట తాను పసుపు వెతుక్కునేదాకా వదిలేశాను. కొన్ని ప్యానెళ్లు వృథా అవుతాయి, కానివ్వండి. కార్డుల కట్టని ట్రేలో పెట్టేముందు అంచులు పట్టుకుని పేకముక్కల్లా విడివడేలా ఆడిస్తున్నాను, ఫీడ్ దగ్గరి గ్యాప్‌ని కార్డు మందానికి, అంటే 0.76 మిల్లీమీటర్లకి, సరిచేశాను. ఇకనుంచి జామ్ అయిన ప్రతిసారీ ముందు ఒక ఖాళీ కార్డు మీద టెస్ట్ ప్రింట్ తీస్తాను.

ఈ పాడైన కార్డుల్ని మళ్లీ ప్రింటర్‌లో పెట్టి సరిచేయలేను. రంగు దిగిన ప్లాస్టిక్ మీద ఇంకో రంగు దిగితే రెండూ కలిసిపోతాయి కాబట్టి కొత్త కార్డు మీదే ప్రింట్ చేసి ఇస్తాను, దానికి డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. మీ కార్డుల్లో హాజరు కోసం చిప్ ఉంటే, కొత్త కార్డు చిప్ నంబరు వేరుగా ఉంటుంది, మీ సిస్టమ్‌లో మళ్లీ ఎక్కించుకోవాలి. ఇది ముందే చెబుతున్నా, తర్వాత గేటు దగ్గర టెన్షన్ పడకుండా.

కార్డు పొడవునా ఒకే చోట సన్నటి తెల్ల గీత కనిపిస్తే అది వేరే సమస్య, హెడ్‌ది. తెల్ల చుక్కలైతే దుమ్ము. అలాంటివి వచ్చినా ఫొటో తీసి పంపండి. తప్పు కార్డుల్ని చెత్తలో పడేయకుండా నాకు తిరిగివ్వండి, పేరూ ఫొటో ఉన్నవి కదా, వాడేసిన రిబ్బన్‌తో కలిపి ముక్కలు చేసేస్తాను.