గవర్నర్ గారూ, పార్సిల్ అందిందని నమ్మాలంటే ఏ కాగితం కావాలో చెప్పించండి

భారతీయ రిజర్వ్ బ్యాంకు గవర్నర్ గారికి,

నమస్కారం.

మాది మంగళగిరి. మగ్గాల దగ్గర చీరలు తీసుకుని ఫోన్‌లోనూ, మా వెబ్‌సైట్‌లోనూ అమ్ముకునే చిన్న వ్యాపారం. నెలకు అరవై, డెబ్బై పార్సిళ్లు పంపుతాం. వాటిలో ఒకే ఒక్క పార్సిల్ గురించి మీకు రాస్తున్నాను. ఆ ఒక్కదాని డబ్బు 74 రోజులు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మాకు చివరిదాకా ఎవరూ చెప్పలేదు.

2025 జూన్ 2న హైదరాబాద్ నుంచి ఒకావిడ మూడు చీరలు ఆర్డర్ చేశారు. మొత్తం ₹18,400. క్రెడిట్ కార్డుతో, ఓటీపీ కొట్టి కట్టారు. 4వ తేదీన ప్రైవేటు కొరియర్‌లో బుక్ చేశాం. 7వ తేదీ శనివారం సాయంత్రం 4 గంటల 52 నిమిషాలకు డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో కనిపించింది. మేం ఇంకో పనిలో పడిపోయాం. జులై 21న, కార్డు డబ్బును మా ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వస్తువు అందలేదని కార్డుదారు తన బ్యాంకుకు ఫిర్యాదు చేశారట. ₹18,400 ఆపేశారు. ఏడు రోజుల్లో రుజువులు పంపాలి. లెక్కేస్తే చివరి రోజు ఆదివారం.

కార్డుదారుకు ఈ హక్కు ఉండకూడదని నేను అనడం లేదు. డబ్బు తీసుకుని సరుకు పంపని వెబ్‌సైట్లు ఎన్నో ఉన్నాయి. మా అమ్మాయే ఒకసారి అలా మోసపోయి, ఇలా బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రప్పించుకునే చార్జ్‌బ్యాక్ వల్లే తిరిగి తెచ్చుకుంది. నా బాధ ఆ హక్కు మీద కాదు. సరుకు నిజంగా పంపినవాడు ఆ మాట రుజువు చేసుకునే దారి మీద.

మొదటిసారి నేను చేసింది చాలామంది వ్యాపారులు చేసేదే. కొరియర్ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి, డెలివర్డ్ అని ఆకుపచ్చ రంగులో కనిపించిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి, దానికి బిల్లు జత చేసి పంపాను. ఇంతకంటే రుజువేం కావాలి అనుకున్నాను. ఆగస్టు 14న జవాబు వచ్చింది. అది ఒకే వాక్యం, సాక్ష్యం సరిపోలేదని. ఏది సరిపోలేదో అందులో లేదు.

ఆ రాత్రి ఆ స్క్రీన్‌షాట్‌ను నేనే బ్యాంకు ఉద్యోగినైతే ఎలా చూస్తానా అని మళ్లీ చూశాను. అందులో ఉన్నది కొరియర్ నంబరు, హైదరాబాద్ అనే ఊరు పేరు, తేదీ, డెలివర్డ్ అనే మాట. ఇంటి అడ్రసు లేదు. తీసుకున్నవారి పేరు లేదు. మా ఆర్డర్ నంబరు లేదు. ఆ కొరియర్ నంబరు ఈ చీరలదేనని చెప్పే ముక్క ఒక్కటీ లేదు. హైదరాబాద్‌లో ఎవరికో ఏదో పార్సిల్ అందిందని మాత్రమే అది చెబుతోంది. అది చూసి ఒప్పుకోకపోవడంలో తప్పు లేదని నాకే అనిపించింది. కానీ ఆ ముక్క మొదటే చెప్పి ఉంటే మూడు వారాలు పోయేవి కావు.

మర్నాడు కొరియర్ ఆఫీసుకు వెళ్లి పీఓడీ కాపీ అడిగాను. పీఓడీ అంటే పార్సిల్ అందుకున్నవారు పెట్టే సంతకం కాగితం. ఒకప్పుడు నిజంగా కాగితమే ఉండేది. పేరు, సంతకం, ఒక్కోసారి రబ్బరు స్టాంపు కూడా ఉండేవి. ఇప్పుడు డెలివరీ అబ్బాయి ఫోన్ అద్దం మీద వేలితో గీసిన గీతే సంతకం. కంప్యూటర్‌లోంచి తీసి నాకిచ్చిన ఫొటోలో వంకరగా పోయిన గీత ఒకటి ఉంది, అక్షరం ఒక్కటీ పోల్చుకోలేం. గీత కింద తీసుకున్నవారి పేరు అన్న చోట సెక్యూరిటీ అని టైపు చేసి ఉంది. పక్కన లొకేషన్ అంకెలు. మ్యాప్‌లో పెట్టి చూస్తే అవి సరిగ్గా ఆ అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరకే వెళ్లాయి.

గవర్నర్ గారూ, చిక్కంతా ఆ సెక్యూరిటీ అనే మాట దగ్గరే ఉంది. హైదరాబాద్, బెంగళూరుల్లో పెద్ద అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల డెలివరీ అబ్బాయిని పైకి వెళ్లనివ్వరు. గేటు దగ్గర గదిలో పెట్టి వెళ్లమంటారు. కొనేవారే ఫోన్‌లో సెక్యూరిటీకి ఇచ్చెయ్యమంటారు. కొరియర్ వాళ్ల లెక్కలో అక్కడితో పని అయిపోయింది. బ్యాంకులో ఫైలు చూసే మనిషికి మాత్రం కార్డు మీద ఒక పేరు, ఆర్డర్‌లో ఒక పేరు, సంతకం దగ్గర సెక్యూరిటీ అని కనిపిస్తుంది. మూడూ వేర్వేరు. మా ఆర్డర్‌లో కార్డు పేరు ఆవిడది కాదు, ఇంట్లో ఇంకొకరిది. ఒకే కుటుంబం కాబట్టి మాకు వింతగా అనిపించలేదు. కాగితం మీద చూసేవారికి అది అనుమానమే. కార్డుదారు గానీ, వారు తీసుకోమన్నవారు గానీ, చెప్పిన చోట అందుకున్నారని చూపించమని వీసా, మాస్టర్‌కార్డు లాంటి కార్డు నెట్‌వర్కుల రూల్స్ అడుగుతాయి. సంతకం కార్డుదారుదే అయి తీరాలని లేదు. కానీ గేటు దగ్గర కాపలావారు వారు తీసుకోమన్నవారి కిందకు వస్తారా రారా అన్నది చూసేవారి మనసును బట్టి ఉంది.

రెండో అవకాశంలో ఫైలు మొత్తం మార్చాను. ముందు ఒక పేజీ ఉత్తరం. ఎన్నో తేదీన ఆర్డర్ వచ్చింది, ఎన్నో తేదీకి ఇస్తామన్నాం, ఎప్పుడు అందింది అన్నవి నాలుగు వాక్యాల్లో రాశాను. ఆ తర్వాత బిల్లు. దాని మీద ఆర్డర్ నంబరు, డెలివరీ అడ్రసు, కొరియర్ నంబరు మూడూ ఒకే చోట ఉండేలా చూశాను. ఆ వెనక కొరియర్ బుకింగ్ రసీదు. దాని మీద బరువు 1.640 కిలోలు అని ఉంది. మూడు చీరలు, అట్టపెట్టె కలిపితే అంతే వస్తుంది. ఖాళీ పెట్టె పంపామని ఎవరూ అనకుండా ఆ అంకె చుట్టూ గీత గీశాను. ఆపైన పీఓడీ ఫొటో, గేటు లొకేషన్ మ్యాప్.

చివరగా ఒక వాట్సాప్ మెసేజ్. నిజానికి మొదటిసారే పంపాల్సింది అది. డెలివరీ అయిన రెండు రోజులకు, జూన్ 9న, ఆర్డర్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు నుంచే ఆవిడ ఇలా అడిగారు: "చీరలు వచ్చాయండీ. ఎర్రంచుది చాలా బాగుంది. జాకెట్టు గుడ్డ కత్తిరించే ముందు తడపాలా?" తడిపి నీడన ఆరబెట్టమని మా ఇంటావిడ జవాబు పెట్టింది. రోజూ ఇలాంటి ప్రశ్నలు పది వస్తాయి కాబట్టి అదొక సాక్ష్యమని మాకు తట్టనే లేదు. కొరియర్ కాగితం పెట్టె గేటు దాకా వెళ్లిందని చెప్పగలిగింది. గేటు నుంచి ఇంట్లోకి వెళ్లిందని చెప్పింది మాత్రం ఈ మెసేజే.

అక్టోబర్ 3న ₹18,400 మా ఖాతాలోకి తిరిగి వచ్చింది. ఈసారి కూడా జవాబు ఒక్క వాక్యమే. పీఓడీ పని చేసిందా, మెసేజ్ పని చేసిందా, తెలియదు. ఆవిడ అబద్ధమాడారని నేను అనను. ఇంట్లో ఒకరు కొన్నది ఇంకొకరికి తెలియక, బిల్లులో గేట్‌వే పేరు చూసి కంగారుపడి బ్యాంకుకు ఫోన్ చేసి ఉండొచ్చు. కానీ ఆ 74 రోజులూ ఇద్దరు నేతగాళ్లకు మేం బాకీ పడ్డాం. పండగ ముందు ఒకాయన ఇంటికి వచ్చి అడిగితే, బ్యాంకు వాళ్లు డబ్బు ఆపారండీ అంటే ఆయనకేం అర్థమవుతుంది?

చీరాలలో నాకు తెలిసిన ఇంకో వ్యాపారి ఇలాగే ఓడిపోయాడు. ఆయన దగ్గర డెలివరీ రుజువు నాకంటే గట్టిగా ఉంది, కొన్నవారి సొంత సంతకమే ఉంది. కానీ ఆ ఫిర్యాదు వస్తువు అందలేదని కాదు, ఫొటోలో చూపించిన రంగు రాలేదని. ఆయనకు వచ్చిన మెయిల్‌లో కారణం ఒక కోడ్ అంకెగా ఉంది. ఆయన ఆ అంకెను పట్టించుకోకుండా డెలివరీ కాగితాలు పంపాడు. అడిగినదొకటి, చెప్పినదొకటి. ఈ కొనుగోలు నేను చేయలేదు అని కార్డుదారు చేసే మోసం ఫిర్యాదుకు కూడా కొరియర్ కాగితం ఒక్కటే జవాబు కాదు, అక్కడ ఓటీపీతో కట్టిన రికార్డు కావాలి. కారణాన్ని తెలుగులోనో, తేలిక ఇంగ్లిషులోనో ఒక వాక్యం రాస్తే ఆయన తన వాట్సాప్‌లోని రంగు ఫొటోలు పంపేవాడు.

రెండోసారి కూడా ఒప్పుకోకపోతే ఆ పైన కార్డు నెట్‌వర్కు తీర్పుకు వెళ్లాలి. అక్కడ ఓడినవారి మీద పడే ఫీజు వందల డాలర్లు. ₹18,400 కోసం అంత ప్రమాదం ఏ చిన్న వ్యాపారి తీసుకుంటాడు? కాబట్టి మాలాంటివారికి మొదటి జవాబు, మహా అయితే రెండోది, అంతే. అందుకే ఆ రెండు జవాబుల్లో న్యాయం ఉండాలని అడుగుతున్నాను.

మీరు తలుచుకుంటే రోజులు లెక్కకట్టగలరని మాకు తెలుసు. 2019 సెప్టెంబర్ 20న మీ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఆన్‌లైన్‌లో కార్డు పేమెంట్ ఫెయిలై డబ్బు కట్ అయితే అయిదు రోజుల్లో తిరిగి వేయాలి. దాటితే రోజుకు ₹100 చొప్పున కస్టమర్‌కు ఇవ్వాలి. అది మంచి రూల్. అలాంటిదే వ్యాపారి వైపు కూడా ఒకటి కావాలి. ఫిర్యాదు మెయిల్ వ్యాపారికి చేరిన రోజు నుంచి కనీసం 10 పని దినాలు ఇవ్వాలి. మధ్యలో ఉన్న బ్యాంకు, గేట్‌వే తమ దగ్గర ఉంచుకున్న రోజులు మా లెక్కలో పడకూడదు. సాక్ష్యం చాలదంటే ఏది చాలలేదో, అడ్రసా, పేరా, తేదీయా, ఆ మాట రాసి ఇవ్వాలి. ఇది కొత్తగా ఖర్చయ్యే పని కాదు. ఫైలు చూసి వద్దన్న మనిషికి ఆ కారణం అప్పటికే తెలుసు.

గేటు దగ్గర డెలివరీ విషయంలో కూడా ఒక మాట ఖాయం చేయండి. ఆర్డర్‌లో ఇచ్చిన అడ్రసులోని కాపలావారికి అందిస్తే, అక్కడి నుంచి తమకు చేరలేదని చెప్పే బాధ్యత కొన్నవారిదా, చేరిందని చూపించే బాధ్యత అమ్మినవారిదా? ఏదైనా సరే, ముందే తెలిస్తే దానికి తగ్గట్టు పంపుకుంటాం.

మా వంతుగా మేం మారాం. 2025 అక్టోబర్ 1 నుంచి పోస్టాఫీసు స్పీడ్ పోస్టులో ఓటీపీ చెబితేనే పార్సిల్ ఇచ్చే సదుపాయం పెట్టింది. పార్సిల్‌కు ₹5, పైన జీఎస్టీ. పది వేలు దాటిన చీరలన్నీ ఇప్పుడు అలాగే పంపుతున్నాం. అయితే ఆ ఓటీపీ ఏ నంబరుకు వెళ్లింది, ఎన్ని గంటలకు సరిపోయింది అన్నది రాసిన కాగితం పంపినవారి చేతికి వస్తేనే బ్యాంకు ముందు పెట్టగలం. పోస్టు మీ శాఖ కాదు. కానీ కొరియర్ల దగ్గర నుంచి ఏ వివరాలతో ఉన్న పీఓడీ వస్తే ఒప్పుకుంటారో మీ బ్యాంకులు ఒక నమూనా ప్రకటిస్తే, కొరియర్ వాళ్లూ, పోస్టు వాళ్లూ అలాగే ఇస్తారు.

నేను రెండోసారి పంపిన ఆరు పేజీలనూ, ఆవిడ పేరు, నంబరు, అడ్రసు కొట్టేసి, ఈ లేఖతో జత చేస్తున్నాను. మొదటిసారి పంపిన స్క్రీన్‌షాట్ కూడా ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి మీ అధికారులకు చూపించండి.

ఇట్లు,
మంగళగిరి నుంచి ఒక చేనేత చీరల వ్యాపారి