మాట తప్పిన రోజు ధరే లెక్క

సంపాదకులకు నమస్కారం.

బేరం కుదుర్చుకుని చివరికి సరుకు ఎత్తని వ్యాపారుల మీద రైతులు వేసే దావాలను సివిల్ కోర్టు గుమాస్తాగా ఏళ్ల తరబడి చూశాను. న్యాయం తమ వైపే ఉన్నా, అడిగినదాంట్లో సగం కూడా దక్కక వెనుదిరిగిన వారిని తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మొన్న మా వీధి రైతు ఒకాయన కాగితాలు పట్టుకుని వచ్చారు. 40 క్వింటాళ్ల మిర్చి, క్వింటాలు 15,000 రూపాయలకు ఒప్పందం. మార్చి 10న లారీ పంపుతానన్న వ్యాపారి ఆ రోజే ఫోను చేసి వద్దన్నాడు. అప్పుడు యార్డులో ధర 13,000. ‘కాగితం ఉంది, అతనిచేతే కొనిపిస్తాను’ అని ఈయన పంతంకొద్దీ బస్తాలను కోల్డ్ స్టోరేజీలో వేశారు. మే నెలలో 10,000కు అమ్ముకోవలసి వచ్చింది. ఇప్పుడు క్వింటాలుకు 5,000 చొప్పున రెండు లక్షలు కావాలంటున్నారు.

ఆయనకు రాగలిగేది 80,000. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద ఇలాంటి అమ్మకాల్లో చూసేది మాట తప్పిన రోజున ఒప్పంద ధరకూ మార్కెట్ ధరకూ ఉన్న తేడా. నష్టం తగ్గించుకునే దారి ఉందా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ సెక్షన్ వివరణే చెబుతోంది. అంటే ఆ రాత్రికి రాత్రే అయినకాడికి తెగనమ్మమని కాదు. నాలుగు రోజులు వాకబు చేసి మంచి ధరకు ఇచ్చేస్తే చాలు. అందుకైన హమాలీ, రవాణా ఖర్చులూ అడగవచ్చు.

డబ్బు అందక కౌలు పొలం చేజారిందనీ, దాని మీద వచ్చే లాభమూ ఇప్పించాలనీ ఆయన కోరిక. ఇది మరీ కష్టం. పండగ గిరాకీ కోసం కుట్టుమిషను, బట్టలు రైల్లో పంపిన ఒక దర్జీకి అవి పండగ వెళ్లాక చేరాయి. పోయిన లాభం ఇప్పించమంటే 1898లో మద్రాసు హైకోర్టు కుదరదంది. ఆ సరుకు పండగ కోసమని రైల్వేకు ముందుగా తెలియదు. అందుకే, ఫలానా తేదీకి డబ్బు ఎందుకు అవసరమో ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించుకోవాలి.

‘మాట తప్పితే రెట్టింపు’ అని రాయించుకున్నా ఆ మొత్తం యథాతథంగా రాదు. 74వ సెక్షన్ ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సబబైన పరిహారమే ఇస్తారు.

మార్కెట్ కమిటీలకు నా విన్నపం: అడిగిన రైతుకు ఆ రోజు ధరను ముద్ర వేసి రాసివ్వండి. కోర్టులో ఆ చీటీ లేకే చాలామంది తేడాను రుజువు చేయలేకపోయారు. మండల న్యాయసేవా కమిటీలు కూడా సదస్సులను కోతలు మొదలవకముందే, యార్డుల్లోనే పెట్టాలి.

— విశ్రాంత కోర్టు ఉద్యోగి, గుంటూరు జిల్లా