స్టేషన్ చుట్టూ గీసే వలయం గురించి: హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారం. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఇళ్లు, దుకాణాలు దట్టంగా ఉండాలన్నది రవాణా ఆధారిత అభివృద్ధి. కేంద్రం 2017లో ప్రకటించిన ఈ విధానం స్టేషన్ నుండి 500–800 మీటర్ల పరిధిని ప్రభావ మండలంగా పరిగణిస్తుంది. మెట్రో స్టేషన్ల చుట్టూ ఆ పరిధిని గీసేటప్పుడు వృత్తలేఖినితో కాక, నడిచే దారి వెంట కొలవాలని నా మనవి.

ఒక ఉదాహరణ చూడండి. ఒక్కో వైపు 400 మీటర్లున్న చదరపు స్థలం చుట్టూ ప్రహరీ ఉందనుకుందాం. ఒక భుజం మధ్యలో స్టేషన్, ఎదుటి భుజం మధ్యలో ఇల్లు ఉంటే, పటంలో దూరం 400 మీటర్లే. కానీ చుట్టూ తిరిగి నడిచే మనిషికి అది 800 మీటర్లు. మధ్యగా ఒక్క ప్రజా బాట వేస్తే ఆ దూరం సగమవుతుంది. అందుకే పెద్ద లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడే, దాదాపు వంద మీటర్లకొకటి చొప్పున, గేటు లేని బాటను షరతుగా పెట్టాలి. ఇళ్లు కట్టాక గోడ తీయించడం దాదాపు అసాధ్యం.

ఆ బాట పక్కన గోడే ఉంటే చీకటి పడ్డాక స్త్రీలు అటు నడవరు. నేల అంతస్తులో పార్కింగుకు బదులు వీధివైపు తెరుచుకునే కిరాణా, మందుల దుకాణం, టిఫిన్ సెంటర్ ఉండాలి, పైన చిన్న ఇళ్లు కూడా ఉండాలి. స్టేషన్ దగ్గర కనీస పార్కింగ్ నిబంధన సడలించకపోతే ఆ చోటంతా కార్లకే పోతుంది. అదనపు అంతస్తుల అనుమతిని ఈ బాటలు తెరిచాకే ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మెట్రో ప్రయాణికుడు